డాబా మీద ఏడీఎస్-బీ రిసీవర్: మూడేళ్ల అనుభవం

హైదరాబాద్‌లో మా డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన, వేలెడంత యాంటెన్నా కట్టి మూడేళ్లు దాటింది. విమానాలు తామెక్కడ ఉన్నదీ తామే రేడియోలో చాటే పద్ధతి ఏడీఎస్-బీ; ఆ చాటింపును వినడానికి కింద గదిలో పెన్‌డ్రైవ్ పరిమాణంలో ఒక రిసీవర్, దానికి రాస్ప్‌బెర్రీ పై అనే పాత చిన్న కంప్యూటర్. శంషాబాద్‌లో దిగే విమానాలతో పాటు, ఊరి మీదుగా ఎత్తున దాటిపోయేవి కూడా తెరపై కనిపిస్తాయి. పిల్లలు మొదట దీన్ని రాడార్ అనేవారు. కాదని చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది, ఎందుకంటే అసలు తేడా నాకూ వాడగా వాడగానే అర్థమైంది.

రాడార్ విమానాన్ని వెతికి పట్టుకుంటుంది. ప్రాథమిక రాడార్ అయితే రేడియో తరంగాన్ని వదిలి, విమానం లోహపు ఒంటికి తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వని కోసం చూస్తుంది. సెకండరీ రాడార్ 1030 మెగాహెర్ట్జ్‌లో ప్రశ్న అడుగుతుంది, విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090లో జవాబిస్తుంది. రెండింటిలోనూ దూరాన్ని కాలవ్యవధితో, దిక్కును యాంటెన్నా తిరిగిన కోణంతో రాడారే కొలుచుకుంటుంది. విమానం తానెక్కడ ఉన్నదీ చెప్పనక్కరలేదు. అయితే కోణంలో 0.1 డిగ్రీ తేడా వచ్చినా, 200 కిలోమీటర్ల దూరంలో అది దాదాపు 350 మీటర్లవుతుంది. పైగా యాంటెన్నా ఒక చుట్టు తిరగాలి. దూరప్రాంత రాడార్‌కు పది పన్నెండు సెకన్లు పడితే, గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఆలోపు రెండున్నర కిలోమీటర్లు జరిగిపోతుంది.

ఏడీఎస్-బీలో ఎవరూ అడగరు. విమానం తన జీపీఎస్ చెప్పిన స్థానాన్ని సెకనుకు సుమారు రెండుసార్లు 1090లోనే చాటుతుంది. వేగం, ఎత్తు, 24 బిట్ల గుర్తింపు సంఖ్య కూడా అందులో ఉంటాయి. మన దేశపు విమానాల సంఖ్య తెరపై సాధారణంగా 80తో మొదలవుతుంది. ఒక్కో సందేశం 112 బిట్లు, 120 మైక్రోసెకన్లలో ముగుస్తుంది. అడ్డులేని ఆకాశం ఉంటే నాలుగు వేల రూపాయల పరికరం కూడా 300 కిలోమీటర్ల అవతలి విమానాన్ని వింటుంది. రాడార్‌కు కావలసిన తిరిగే యాంటెన్నా గానీ, భారీ విద్యుత్తు గానీ దీనికి అక్కర్లేదు.

కానీ పేరులోని ‘డి’ అక్షరాన్ని నేను రెండేళ్లు పట్టించుకోలేదు. డిపెండెంట్, అంటే విమానం మాట మీద ఆధారపడినది. ఒక సాయంత్రం శంషాబాద్‌కు పడమటి నుంచి వస్తున్న విమానాల గీతలన్నీ తెరపై ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఒక్కటి మాత్రం సమాంతరంగా, రెండు కిలోమీటర్లు ఉత్తరంగా, పొలాల మీదుగా దిగుతోంది. నా యాంటెన్నా చెడిందనుకున్నాను. అలా కావడానికి వీల్లేదు: రేడియోలో దెబ్బతిన్న సందేశం చివరి తనిఖీ బిట్ల దగ్గరే ఆగిపోతుంది, ఒకే దూరాన్ని పట్టుకుని పక్కకు జరగదు. ఆ విమానం వివరాలు నొక్కి చూస్తే `NIC: 0` అని ఉంది. మిగతావాటికి 8. తన స్థానం ఎంతలోపు ఖచ్చితమో విమానమే చెప్పే అంకె అది. సున్నా అంటే ఎంత తేడా ఉన్నా పూచీ లేదని. జీపీఎస్ అందనప్పుడు కొన్ని విమానాలు గైరోస్కోపులతో లెక్కగట్టే జడత్వ వ్యవస్థ స్థానాన్ని పంపుతాయి. అది గంటకు ఒకటి రెండు నాటికల్ మైళ్ల దాకా పక్కకు జరగవచ్చు. పైలట్ మాత్రం రన్‌వే నుంచి వచ్చే ల్యాండింగ్ సంకేతాలను పట్టుకుని సరిగ్గానే దిగుతాడు. తప్పంతా చాటింపులోనే. రాడార్ ఆ విమానాన్ని అసలు చోటే చూసి ఉంటుంది, ఎందుకంటే అది కొలిచింది, వినలేదు. కంట్రోలర్లు రెండింటినీ పక్కపక్కనే ఉంచుకోవడం నాకు ఆ రోజు అర్థమైంది.

ఇక వినిపించనివి. కొన్ని శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు నా జాబితాలో ఎత్తుతో సహా కనిపిస్తాయి గానీ పటం మీదకు రావు. అవి ఏ రాడార్ ప్రశ్నకో ఇస్తున్న జవాబు నా చెవిన పడుతోందన్నమాట. ప్రశ్న 1030లో ఉంది కాబట్టి నాకు వినపడదు, జవాబులో స్థానం ఉండదు. సమయాలు సరిగ్గా పోల్చుకోగల నాలుగైదు రిసీవర్లు కలిస్తే వాటి చోటు లెక్కగట్టవచ్చు, కానీ మా వీధిలో నాలాంటి పిచ్చివాడు ఇంకొకడు లేడు. ట్రాన్స్‌పాండరే లేనిదాన్ని మాత్రం ప్రాథమిక రాడార్ తప్ప ఎవరూ పట్టలేరు.

పరికరం గురించి ఒక్క ఫిర్యాదు. రెండో వానాకాలంలో పరిధి 300 నుంచి 90 కిలోమీటర్లకు పడిపోయింది. రిసీవర్ మారుద్దామనుకునేలోపు, యాంటెన్నా అడుగున కనెక్టర్ విప్పితే పచ్చగా చిలుమెక్కి నీళ్లు కారాయి. కొత్తది పెట్టి, టేపు చుట్టి, తీగను కనెక్టర్ కంటే కిందికి వంచి మళ్లీ పైకి తిప్పాను, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోయేలా. మూడో వానాకాలం గడిచింది, పరిధి తగ్గలేదు. కొనేవారు రిసీవర్ ధర చూసేముందు ఆ కనెక్టర్‌కు ఒక వంద పక్కన పెట్టుకోండి.