నవంబర్ 30కి తాళాలు ఇస్తానన్న కాంట్రాక్టర్‌తో జాగ్రత్త: షీట్‌లో రోజులు మీరే కూడి చూడండి

తిరుపతి చుట్టుపక్కల ఇల్లు కట్టించుకోబోతున్న వాళ్లు అడ్వాన్సు చేతిలో పెట్టేముందు ఇది చదవండి. పేరు రాయను. ఏ పని ఏ తారీఖుకో రాసి కలర్ ప్రింటు తీసిన షీట్ టేబుల్ మీద పరిచి "డేట్ అంటే డేట్ సార్" అనే ఆయన అంటే చాలామందికి ఇప్పటికే అర్థమయ్యుంటుంది.

వెనక కథ పెద్దగా లేదు. కింద ఒకటి, పైన ఒకటి ఇల్లు. జూన్ 2 సోమవారం మార్కింగ్, నవంబర్ 30కి తాళాలు అని అగ్రిమెంటు. ఇంకొకాయన లక్ష తక్కువకే కడతానన్నాడు గానీ సంక్రాంతి దాటుతుందని మొహం మీదే చెప్పినాడు. మేమేమో తారీఖుకు డబ్బులిచ్చి కొనుక్కున్నాం. బాడుగింటి ఓనరుకి నవంబర్ ఆఖరుకు ఖాళీ చేస్తామని మాటిచ్చేసినాం, ఆయన వేరేవాళ్ల దగ్గర అడ్వాన్సు కూడా తీసుకున్నాడు.

ఆగస్టు 6న కింది మిద్దె స్లాబ్ పోసినారు. షీట్ ప్రకారం అది జూలై 28కి పడాల. పనేమో ఒక్కరోజు కూడా ఆగలేదు, అది నా కళ్లతో చూసినా. మరి 9 రోజులు ఎక్కడ పోయినాయి అంటే "వానలు సార్" అన్నాడు. జూన్, జూలైలో తిరుపతిలో పని ఆపేంత వాన ఎక్కడ పడిందో స్వామికే తెలియాల. రాత్రి క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంటే తేలింది. జూన్ 2 నుంచి ఆగస్టు 6 మధ్య సరిగ్గా 9 ఆదివారాలు. మిద్దె దాకా 57 పనిరోజులు రాసుకుని, ఆదివారాలు కూడా కలిపి తారీఖులు వేసేసినాడు మహానుభావుడు. ఆదివారం సైట్‌లో కుక్క కూడా ఉండదు. ఇంకో విశేషం, తాళాలిస్తానన్న నవంబర్ 30 కూడా ఆదివారమే!

అప్పుడు ఆ ఎక్సెల్ ఫైల్ తెరిచి ఒక్కో గడి నొక్కి చూసినా. తారీఖులన్నీ చేత్తో కొట్టినవే, ఒక్క ఫార్ములా లేదు. ఫుటింగులకు 10 రోజులున్న చోట 30 అని మార్చి చూస్తే కింద ఒక్క తారీఖు కదల్లేదు. ముందు నవంబర్ 30 రాసుకుని, దానికి సరిపోయేట్టు వెనక్కి రంగులు పూసుకుంటూ వచ్చినాడన్నమాట.

రోజులు ఎట్లా కూడాలో కూడా ఇక్కడ చెప్పాల. కాలమ్ మొత్తం కూడితే నవ్వుతారు, ఆ నవ్వు న్యాయమే. కింద గోడలు లేస్తుంటే పైన సెంట్రింగ్ జరుగుతుంది, లోపల టైల్స్ వేస్తుంటే బయట పూత పడుతుంది. పక్కపక్కన జరిగేవి కూడకూడదు. ఏది అయితేగానీ ఏది మొదలుకాదో ఆ ఒక్క వరస పట్టుకుని, అందులో ఉన్నవే కూడాల. మా షీట్‌లో ఆ వరస ఇది: గుంతలు 6, ఫుటింగులు 10, ప్లింత్ బీమ్ దాకా 14, గ్రావెల్ నింపడం 5, కింది పిల్లర్లు 6, కింది మిద్దె 16. ఇదీ ఆ 57. ఆ తర్వాత పై పిల్లర్లు 6, పై మిద్దె 16, పైన గోడలు 15, గాడి కొట్టి పైపులు వేయడం 7, లోపలి పూత 20, టైల్స్ 15, పుట్టీ, పెయింటు 21, ఫిట్టింగులు 7, క్లీనింగు 3. మొత్తం 167. జూన్ 2 నుంచి నవంబర్ 30కి 182 రోజులు. "15 రోజులు వానకని వదిలిపెట్టినా సార్" అని మొదటిరోజు కాలరెగరేసింది ఈ లెక్కతోనే.

ఈ వరసలో ఏం లేదో చూడండి. మిద్దె పోసినాక దాన్ని కింద మోసే జాకీలు ఎన్నాళ్లు ఉండాలనే లైనే లేదు. మా హాలు అడ్డం 16 అడుగులు, అంటే 4.9 మీటర్లు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్లు దాటిన స్లాబ్ కింద జాకీలు కనీసం 14 రోజులు ఉండాల. ఆ లోపు అయితే 7 రోజులు చాలు, కానీ 6 మీటర్ల లోపు బీముల కిందైనా 14 రోజులే. ఇది మామూలు ఓపీసీ సిమెంటుకు చెప్పిన లెక్క. మాకు వాడేది బూడిద కలిపిన పీపీసీ సిమెంటు, అది బలం పట్టేది ఇంకా నిదానంగా. కాబట్టి 14 అనేది కనీస లెక్క, అంతకంటే తగ్గించేది లేదు.

ఆ 14 రోజుల్లో పైన పిల్లర్లు పోసుకోవచ్చు, ఆగక్కర్లేదు. కానీ పై మిద్దెకు సెంట్రింగ్ సామాను కావాల కదా. మేస్త్రిని పక్కకు పిలిచి అడిగితే సామాను ఉండేదే ఒక సెట్టు అన్నాడు. కింద విప్పితేనే పైకి పోతుంది. అంటే పై పిల్లర్ల 6 రోజులు ఆ ఎదురుచూపులోనే కలిసిపోతాయి, వరసలోంచి అవి తీసేసి 14 వేసుకోవాల. పై మిద్దె కింద గోడలు లేపాలన్నా ఇంకో 14. పూత అయినాక నీళ్లు పట్టేదానికి 7. 167లో 6 పోతే 161, దానికి 35 కలిపితే 196. 182 అక్కడే దాటిపోయింది. ఇందులో 161 రోజులు మనుషులు చేసే పని, దానికి ఆదివారాలు ఒక 26 తగుల్తాయి. సిమెంటు ఆదివారం కూడా గట్టిపడుతుంది గనక ఆ 35కు వేయక్కర్లేదు. మొత్తం 222. జూన్ 2 నుంచి లెక్కపెట్టుకుంటూ పోతే జనవరి 9.

ఇది ఒక్క పండగ, ఒక్క వాన లేకుండా. ఈ లెక్కలో లోపలి పూత అక్టోబర్ 18 నుంచి నవంబర్ 10 దాకా పడుతుంది. మనకు అసలు వానలు కొట్టేది అప్పుడే, 2021 నవంబర్‌లో తిరుపతి ఎట్లా మునిగిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. దసరా, దీపావళి కూడా ఆ చుట్టుపక్కలే.

ఇంక నిన్న జరిగింది. మా మామను కూడా తీసుకుని సైట్‌కి పోయినా, ఈ లెక్క కాగితం మీద రాసుకుని. మేస్త్రి, కూలీలు అందరూ ఉన్నారు. కాగితం చూసి కాంట్రాక్టర్, "సిమెంటు ఆరేదానికి కూడా నేను కూలీ ఇస్తానా సార్? పనిలేని రోజుల్ని పనుల లిస్టులో ఎట్లా రాస్తాం?" అన్నాడు. నాకు ఒక నిమిషం నోట మాట రాలేదు. తెలియక వదిలేసినాడేమో అని అప్పటిదాకా ఎక్కడో ఒక మూల అనుకుంటా ఉన్నా. తెలిసే వదిలేసినాడు! కూలీ ఇచ్చే రోజులే రోజులంట. మా మామ "అయ్యా, మరి తారీఖు ఎట్లా చెప్పినావప్పా?" అని మెల్లగా అడిగినాడు. పెద్దాయన, గట్టిగా కూడా అనలేదు. దానికి కాంట్రాక్టర్ ఆ కాగితం లాక్కుని మడిచి మా మామ జేబులోనే పెట్టి, "పెద్దాయనా, డేటే కావాలంటే చెప్పండి, రేపు ఎనిమిదో రోజు, జాకీలన్నీ పీకేస్తా. పగులొస్తే మళ్లీ నన్ను అడగొద్దు" అన్నాడు. వెనక కూలీలు నవ్వినారు.

తారీఖు అబద్ధం ఒక ఎత్తు. ఆ అబద్ధం నిలబెట్టుకోవడానికి మా నెత్తిమీది మిద్దెను పందెం పెడతానని నవ్వుతూ చెప్పడం ఇంకో ఎత్తు. షీట్‌లో రోజులు సరిపోకపోతే ఆ కోత వచ్చి పడేది ఇక్కడే, కంటికి కనపడని నీళ్లు పట్టే రోజుల మీద, జాకీల మీద. పెయింటు తొందరపడితే మళ్లీ వేయించుకోవచ్చు. ఇది అట్లా కాదు.

ఆయన వైపు నుంచి కూడా ఆలోచించినా, అన్యాయంగా రాయకూడదని. ఇంకో సెట్టు సామాను బాడుగకు తెస్తే పై మిద్దె ఒక వారం ముందు మొదలవుతుంది, కింది జాకీలు అట్లే ఉంచి. పూతకు ఇంకో గ్యాంగు పెట్టి కింద ముందే కానిస్తే ఇంకో పది రోజులు మిగుల్తాయి. రెండూ చేసినా డిసెంబర్ మూడో వారం దాటుతుంది. పైగా రెండూ చేయనని తేల్చేసినాడు, ఖర్చంట. మా దగ్గర తీసుకున్న లక్ష దేనికో మరి.

బాడుగింటి ఓనరు కాళ్లు పట్టుకోవాల్సిందిప్పుడు నేను. నెలా పది రోజులు సామానుతో సహా ఎక్కడుండాలో చూసుకోవాల. డిగ్రీలో లెక్కలు చదివిన వాడిని, నీలం రంగు గీతలు చూసి మురిసిపోయినా. బాగుంది.

మీరు చేయాల్సింది కొంచెమే. షీట్ ఇస్తే ప్రింటు కాదు, ఫైల్ అడగండి, ఒక పని రోజులు పెంచి ఆఖరి తారీఖు కదుల్తుందో లేదో చూడండి. సెంట్రింగ్ సామాను ఎన్ని సెట్లో మేస్త్రిని అడగండి, కాంట్రాక్టర్‌ను కాదు. జాకీలు, నీళ్లు పట్టే రోజులు వేరే లైన్లుగా రాయించి, స్లాబ్ డబ్బు పోసిన రోజు కాకుండా జాకీలు తీసిన రోజు ఇచ్చేట్టు అగ్రిమెంటులో పెట్టించండి. మాది పోసిన రోజే ఇచ్చేట్టు ఉంది, ఇచ్చేసినాం కూడా. ఆగస్టు 20 దాకా ఒక్క జాకీ ముట్టుకోవద్దని స్ట్రక్చరల్ ఇంజనీరు చేత ఈ పొద్దు లెటరు రాయించి మేస్త్రికి ఒక కాపీ, కాంట్రాక్టర్‌కు ఒక కాపీ ఇచ్చినా.