ఎస్‌పీఐనా, ఐ2సీనా? చెరువు గట్టు మీద డబ్బాకి ఏది మేలు

ఎస్‌పీఐ, ఐ2సీ అంటే బోర్డూ దానికి తగిలించిన చిప్‌లూ తీగల మీద మాట్లాడుకునే రెండు పద్ధతులు. ఈ రెండిట్లో ఏది మంచిదని అడిగేవాళ్లు దాదాపు అందరూ స్పీడు గురించే అడుగుతారు. నేను మాత్రం ముందు తీగ ఎంత పొడవు, ఎన్ని బైట్లు పంపాలి అని అడుగుతాను. ఆ రెండు తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

భీమవరం పక్కన మా బావగారి రొయ్యల చెరువుకి నీటి ఉష్ణోగ్రత రాసుకునే డబ్బా ఒకటి కట్టాను. గట్టు మీద స్తంభానికి ప్రోగ్రామ్ నడిపే ఈఎస్‌పీ32 బోర్డు, అక్కడి నుంచి నాలుగు మీటర్ల షీల్డ్ కేబుల్, నీటి అంచున చిన్న డబ్బాలో ఏడీఎస్1115 అనే ఏడీసీ, అంటే వోల్టేజిని అంకెగా మార్చే చిప్, దానికి వేడిని బట్టి మారే రెసిస్టర్ థర్మిస్టర్. ఇంట్లో బల్ల మీద జానెడు తీగలతో రెండ్రోజులు ఒక్క తప్పు లేకుండా నడిచింది. గట్టు మీదికి తీసుకెళ్లి కేబుల్ తగిలించగానే స్కాన్‌లో ఆ ఏడీసీ అడ్రస్ 0x48 ఒకసారి కనపడుతుంది, మరోసారి కనపడదు.

కారణం ఐ2సీ పనిచేసే పద్ధతిలోనే ఉంది. దీనికి డేటాకి ఎస్‌డీఏ, క్లాక్‌కి ఎస్‌సీఎల్ అని రెండే తీగలు, ఎన్ని చిప్‌లు పెట్టినా అవే రెండు. అంతమంది ఒకే తీగని పంచుకోవాలి కాబట్టి ఏ చిప్పూ తీగని పైకి తొయ్యదు, కిందికి లాగి వదిలేస్తుంది అంతే, తిరిగి పైకి లేపే పని పులప్ రెసిస్టర్‌ది. కేబుల్‌కి ఉండే కెపాసిటెన్స్‌ని చెరువు అనుకుంటే ఆ రెసిస్టర్ నీళ్లు నింపే పైపు. చెరువు పెద్దదై పైపు సన్నదైతే నిండటానికి టైము పడుతుంది కదా, ఇక్కడా అంతే.

నా కేబుల్ మీటరుకి సుమారు 90 పికోఫారడ్లు, బోర్డులతో కలిపి 400 దాకా వచ్చింది. ఐ2సీ మామూలుగా ఒప్పుకునే గరిష్ఠ హద్దు కూడా 400 పికోఫారడ్లే. ఏడీసీ బోర్డు మీద ఉన్న పులప్ 10 కిలో ఓములు. సిగ్నల్ పైకి లేవడానికి పట్టే టైము tr అనుకుంటే లెక్క ఇదీ:

```
tr = 0.85 × R × C
10k,  400pF : 3.4 µs
1.8k, 400pF : 0.61 µs
```

100 కిలోహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ 1 మైక్రోసెకను లోపు లేవాలి, 400 కిలోహెర్ట్జ్ దగ్గరైతే 0.3 లోపు. నాది 3.4 తీసుకుంటోంది, పైగా లైబ్రరీలో 400 కిలోహెర్ట్జ్ పెట్టుకుని కూర్చున్నాను. స్కోప్ పెట్టి చూస్తే చదరంగా ఉండాల్సిన పల్స్ నిదానంగా పైకి పాకి, పూర్తిగా లేవకముందే కిందికి పడిపోతోంది. ఈఎస్‌పీ వైపు రెండు తీగలకీ చెరో 2.2 కిలో ఓములు కలిపాను, ఉన్న 10 కిలో ఓములతో కలిసి 1.8 అయింది, క్లాక్‌ని 100 కిలోహెర్ట్జ్‌కి దించాను, ఆ తర్వాత స్కాన్‌లో అడ్రస్ పోలేదు. రెసిస్టర్‌ని ఇంకా ఇంకా తగ్గించుకుంటూ పోతే సరిపోతుంది కదా అనుకోకండి. మామూలు ఐ2సీ చిప్ 3 మిల్లీయాంపుల మేరకే కిందికి లాగగలదు, 3.3 వోల్టుల దగ్గర అది సుమారు 1 కిలో ఓముతో ఆఖరు.

వారం తర్వాత ఇంకో సమస్య. రీడింగ్ ఒకే అంకె దగ్గర ఆగిపోతోంది, రీసెట్ కొట్టినా కదలదు, పవర్ తీసి పెడితేనే బాగవుతోంది. ఎప్పుడు ఆగుతోందో నాకు అంతుపట్టలేదు. చెరువు దగ్గర ఉండే కాపలా ఆయనే చెప్పాడు: "ఆయ్, ఏరేటర్లు వేసినప్పుడే ఆగిపోతోందండి."

అదే నిజం. ఏరేటర్ మోటార్లు స్టార్ట్ అయ్యేటప్పుడు వోల్టేజి పడి ఈఎస్‌పీ రీసెట్ అవుతోంది. సరిగ్గా ఏడీసీ ఒక బిట్ చెప్తున్న క్షణంలో అలా జరిగితే, ఆ చిప్ ఎస్‌డీఏని కిందికి పట్టుకుని తర్వాతి క్లాక్ కోసం ఎదురు చూస్తూ ఉండిపోతుంది. మాస్టర్, అంటే క్లాక్ నడిపే ఈఎస్‌పీ, లేచి చూస్తే లైను బిజీ. దీనికి మందు, మొదలవగానే తొమ్మిది క్లాకుల దాకా ఇచ్చి ఆ చిప్ చేత తీగ వదిలించడం:

```
pinMode(21, INPUT_PULLUP);
pinMode(22, OUTPUT_OPEN_DRAIN);
for (int i = 0; i < 9 && !digitalRead(21); i++) {
  digitalWrite(22, LOW);  delayMicroseconds(5);
  digitalWrite(22, HIGH); delayMicroseconds(5);
}
Wire.begin(21, 22);
```

ఇక్కడ 21 ఎస్‌డీఏ, 22 ఎస్‌సీఎల్. పవర్ సప్లై దగ్గర పెద్ద కెపాసిటర్ కూడా పెట్టాను, రెండూ కావాలి.

మరి ఇదంతా ఎస్‌పీఐతో కట్టి ఉంటే? పులప్ గొడవ ఉండేది కాదు, ఎందుకంటే ఎస్‌పీఐలో చిప్ తీగని పైకీ కిందికీ తనే తోస్తుంది. చిప్‌ని ఎంచుకునే సిలెక్ట్ తీగ పైకి లేస్తే మామూలుగా చిప్ తన వాటా వదిలేస్తుంది కాబట్టి ఇలా ఇరుక్కుపోవడం కూడా ఉండదు. కానీ క్లాక్, పోయే డేటా, వచ్చే డేటా, సిలెక్ట్ అని నాలుగు తీగలు కావాలి, చిప్ పెరిగిన కొద్దీ ఒక్కో సిలెక్ట్ తీగ కలపాలి. మా ఉప్పుగాలికి మూడు నెలల్లో కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పడుతుంది, తీగ పెరిగితే చెడే చోటు కూడా పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, ఎస్‌పీఐలో విన్నాను అని జవాబు చెప్పే ఏర్పాటు లేదు. తీగ తెగినా మాస్టర్ హాయిగా చదువుకుంటూ పోతుంది, అన్నీ 0xFF లేదా అన్నీ 0x00 వస్తాయి, వాటిని మనమే పట్టుకోవాలి. ఐ2సీలో ప్రతి బైటుకీ ఏసీకే అని అందినట్టు జవాబు ఉంటుంది, చిప్ లేకపోతే వెంటనే తెలుస్తుంది.

అడ్రస్ దగ్గర ఐ2సీకి ఒక చిక్కు ఉంది. ఏడు బిట్ల అడ్రస్‌లో వాడుకోవడానికి మిగిలేవి 112, వినడానికి చాలా ఎక్కువ. కానీ ఒకే రకం చిప్‌లు రెండు కొంటే రెండిటికీ ఒకే అడ్రస్ ఉంటుంది. ఏడీఎస్1115లో ఏడీడీఆర్ పిన్నుని గ్రౌండ్, పవర్, ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్‌లలో దేనికి కలిపితే దాన్ని బట్టి 0x48 నుంచి 0x4B దాకా నాలుగు వస్తాయి, అవే రెండు తీగల మీద ఐదోది కావాలంటే మధ్యలో తీగల్ని పాయలుగా విడగొట్టే మల్టిప్లెక్సర్ పెట్టాల్సిందే. అడ్రస్ అసలు మార్చలేని చిప్‌లూ ఉన్నాయి, కొనేముందు డేటాషీట్‌లో ఆ ఒక్క పేజీ చూసుకోండి.

స్పీడు సంగతికొస్తే, ఏడీసీ నుంచి ఒక రీడింగ్ 100 కిలోహెర్ట్జ్‌లో అర మిల్లీసెకనులో వచ్చేస్తుంది. పది నిమిషాలకి ఒకసారి నీటి వేడి చూసేవాడికి అంతకన్నా వేగం ఎందుకు? అదే 128×64 చిన్న తెర అయితే ఒక బొమ్మకి 1024 బైట్లు, 100 కిలోహెర్ట్జ్ ఐ2సీలో 90 మిల్లీసెకన్ల పైన పడుతుంది, 8 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐలో ఒక మిల్లీసెకను. కలర్ తెర, మెమరీ కార్డు, లోరా రేడియో లాంటివాటికి నేను మారుమాట లేకుండా ఎస్‌పీఐయే వాడతాను, అవి కూడా ఒకే బోర్డు మీద, తీగలు జానెడు దాటకుండా.

అక్కడా ఒక జాగ్రత్త ఉంది. చవక ఎస్‌డీ కార్డు మాడ్యూళ్లలో కొన్నిటికి లెవెల్ మార్చే చిప్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేలా కట్టేసి ఉంటుంది, సిలెక్ట్ తీసేసినా అది వచ్చే డేటా తీగని వదలదు, పక్కనున్న లోరా మాట మాస్టర్‌కి చేరదు. కార్డు మాడ్యూల్ పీకేస్తే లోరా పనిచేస్తోందంటే దోషం అదే. దాన్ని వేరే ఎస్‌పీఐ మీద పెట్టండి, ఈఎస్‌పీ32లో రెండు ఉన్నాయి.

ఇప్పుడు బావగారు కాలవ అవతలి చెరువుకి కూడా పెట్టమంటున్నారు, అరవై మీటర్లు. దానికి ఐ2సీ వద్దు, ఎస్‌పీఐ వద్దు. దూరపు తీగలకి పనికొచ్చే ఆర్ఎస్-485 ఉన్న ప్రోబ్ తీసుకుని మెలికల జత తీగ లాగుతున్నాను.