స్కూల్ క్రికెట్ హైలైట్స్‌కి డావిన్చీ రిసాల్వ్ ఉచిత వెర్షన్: మూడు సీజన్లు వాడాక

ముందుగా మా సరంజామా. బౌలర్ వెనక బౌండరీ అవతల ట్రైపాడ్ మీద ఒక ఫోను, 4కెలో, సెకనుకు 60 ఫ్రేములు. కుదిరితే స్క్వేర్ లెగ్ వైపు రెండో ఫోను. 20 ఓవర్ల మ్యాచ్ నుంచి ఏడు నిమిషాల వీడియో రావాలి, 1080పిలో, 30 ఫ్రేములతో. ఈ పనికి డావిన్చీ రిసాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఎక్కడా తక్కువ కాలేదు. సమయమంతా తినేది ఏ బంతి ఉంచాలి, రీప్లే ఎక్కడ పెట్టాలి అన్న లెక్కే. అందుకే ఈ సమీక్ష ఎక్కువగా దాని గురించే.

రికార్డింగ్ ఓవర్‌కి ఒక ఫైలు చొప్పున ఆపి తీయండి. అప్పుడు ఫైలు నంబరే ఓవర్ నంబరు. మొత్తం ఇన్నింగ్స్ ఒకే ఫైలుగా తీస్తే బంతి వెతకడానికే సాయంత్రం గడిచిపోతుంది. ఫోన్ల వీడియోలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. దాన్ని అలాగే టైమ్‌లైన్‌లో వేస్తే బ్యాట్ తగిలిన శబ్దం బొమ్మకి అటూ ఇటూ జారుతుంది. ముందే ffmpeg అనే కమాండ్ లైన్ ప్రోగ్రాంతో ఇలా సరిచేసుకుంటే ఆ గొడవ ఉండదు:

```
ffmpeg -i over19.mp4 -vf fps=60 -c:v libx264 -crf 18 -c:a copy over19_60.mp4
```

ప్రాజెక్టు Timeline frame rate 30 అని వీడియోలు వేయకముందే పెట్టాలి. టైమ్‌లైన్ కట్టాక మార్చనివ్వదు.

బంతుల ఎంపికకి స్కోరు పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చోవాలి. పుస్తకంలో వికెట్, ఫోరు కనిపించినచోట టైమ్‌లైన్ మీద M కొట్టి మార్కర్ పెడతాం: వికెట్లకి ఎరుపు, బౌండరీలకి నీలం, మ్యాచ్ మలుపు తిప్పిన మిగతా బంతులకి పసుపు. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. వైడు, నోబాల్ ఓవర్ లెక్కలోకి రావు, కానీ వీడియోలో మాత్రం ఉంటాయి. ఒక వైడు పడిన ఓవర్లో ఏడు బంతులుంటాయి. ఫైలులో నాలుగో బంతి పుస్తకంలో మూడోది కావచ్చు. తెరమీద 18.4 అని వేసి 18.3 బంతి చూపిస్తే, ఆడిన పిల్లలే మొదట పట్టుకుంటారు.

ఒక్కో బంతి బౌలర్ చివరి నాలుగడుగుల నుంచి అంపైర్ సైగ దాకా ఉంచితే 10, 11 సెకన్లు వస్తుంది. ఏడు నిమిషాల్లో రీప్లేలూ స్కోరు కార్డులూ పోను 32, 33 బంతులు పడతాయి. వికెట్లన్నీ ఉంటాయి. ఫోర్లన్నీ ఉండవు. ఒకే బ్యాటర్ ఒకే దిక్కుకి కొట్టిన మూడు ఫోర్లలో రెండు తీసేస్తాం. జారవిడిచిన క్యాచ్‌ని, ఆ బ్యాటర్ తర్వాత నిలబడి మ్యాచ్ లాగేస్తేనే ఉంచుతాం. దానికి రీప్లే మాత్రం వేయం. పదమూడేళ్ల పిల్లాడి చేతిలోంచి బంతి జారడం స్లో మోషన్లో చూపించి సాధించేదేమీ లేదు. ఎల్బీడబ్ల్యూకీ రీప్లే వేయం. బౌండరీ అవతలి ఫోను నుంచి లైను తేలదు, తల్లిదండ్రుల గ్రూపులో తగువు మాత్రం గ్యారంటీ.

ఇక రీప్లే. టీవీ మ్యాచ్‌లో రీప్లే వేరే కోణంలో వస్తుంది కాబట్టి చూసేవాళ్లకి ఇట్టే తెలుస్తుంది. మనకున్నది ఒక్క కెమెరా. అదే కోణం, అదే బౌలరు, అదే షాటు. స్లోగా ఉన్నా సరే, చూసేవాడి కన్ను దాన్ని తర్వాతి బంతి అనుకుంటుంది. ఒక ఫోరు రెండవుతుంది, స్కోరు నాలుగే పెరుగుతుంది, లెక్క కుదరక జనం వెనక్కి జరిపి చూస్తారు. దీనికి మేం పాటించేది ఒకటే నియమం: రీప్లేకి ముందూ వెనకా అదే బంతికి చెందిన మామూలు బొమ్మ ఉండాలి. రీప్లే అయిపోగానే తర్వాతి రనప్ రాకూడదు.

మా దగ్గరున్న ఒక 19వ ఓవర్ చూడండి. లక్ష్యం 132. 18 ఓవర్లకి 117/6. మొదటి బంతికి సింగిల్, రెండో బంతికి బౌలర్ ఎండ్‌లో రనౌట్, తర్వాత వైడు, మూడో బంతికి ఫోరు, నాలుగు డాట్, ఐదు సింగిల్, ఆరు డాట్. ఓవర్ ముగిసేసరికి 124/7, ఆరు బంతుల్లో 8 కావాలి. ఇందులో మూడే బంతులు ఉంచాం: రనౌట్, ఫోరు, చివరి డాట్. ఆ డాట్ లేకపోతే చివరి ఓవర్ ఒత్తిడి అర్థం కాదు.

రనౌట్‌ని ఇలా కట్టాం. పూర్తి వేగంతో 11 సెకన్లు, అంపైర్ వేలు పైకి లేచేదాకా. వేలు లేవకముందే రీప్లేకి వెళ్తే ఔటో కాదో తెలియకుండానే రెండోసారి చూపించినట్టవుతుంది. తర్వాత 12 ఫ్రేముల Edge Wipe. రెండో ఫోను బొమ్మలో వికెట్లు ఎగరడానికి సెకను ముందు నుంచి మొత్తం సెకనున్నర ముక్క, Change Clip Speed‌లో 50 శాతం చేస్తే 3 సెకన్లు. రెండు ఎండ్‌లూ కనిపించేలా కాస్త వెడల్పుగా ఉంచాం. బెయిల్స్ దగ్గరికి జూమ్ చేస్తే ఎవరు ఔటయ్యారో తెలియదు. మళ్లీ అదే వైప్, ఆపై బ్యాటర్ నడిచి వెళ్తున్న రెండు సెకన్ల మామూలు బొమ్మ, దాని మీద 118/7. తర్వాతి క్లిప్ 119/7తో మొదలవుతుంది, చూపించని వైడు లెక్క అక్కడ కలిసిపోతుంది. స్కోరు పట్టీ ఎప్పుడూ బంతికి ముందటి స్కోరుతో మొదలై అంపైర్ సైగ తర్వాతే మారాలి. రీప్లే నడిచినంతసేపూ పట్టీ తీసేయాలి. వెంటనే వచ్చే ఫోరుకి రీప్లే లేదు.

రెండో ఫోను లేనప్పుడు 4కె అక్కరకొస్తుంది. 1080పి టైమ్‌లైన్‌లో 4కె బొమ్మని రెండింతలు పెంచినా మసకబారదు కాబట్టి బ్యాటర్ మీదికి దగ్గరగా కట్ చేస్తే వేరే కెమెరాలాగే అనిపిస్తుంది. కోణం మారినట్టుంటుందని బొమ్మని అద్దంలోలా తిప్పకండి. కుడిచేతి బ్యాటర్ ఎడమచేతివాడైపోతాడు.

వేగం 50 శాతం కన్నా తగ్గించొద్దు. 60 ఫ్రేముల వీడియోని 30 టైమ్‌లైన్‌లో సగం వేగానికి తెస్తే తీసిన ప్రతి ఫ్రేమూ ఒక్కసారి కనిపిస్తుంది, నున్నగా సాగుతుంది. 25 శాతానికి దింపితే ఒక్కో ఫ్రేమూ రెండుసార్లు వచ్చి కుదుపు కనిపిస్తుంది. అది పోగొట్టడానికి Retime Process‌లో Optical Flow పెడితే, లేని ఫ్రేముల్ని అది ఊహించి గీస్తుంది. బ్యాట్ దగ్గర బంతి సాగిన రబ్బరులా మారుతుంది, కొన్ని ఫ్రేముల్లో మాయమే అవుతుంది. మేం Nearest మీదే ఉంచుతాం.

రీప్లేలో ఆడియో తీసేయాలి. బ్యాట్ తగిలిన 'టక్' రెండోసారి వినిపిస్తే చెవి ఇంకో బంతి లెక్కేసుకుంటుంది. పూర్తి నిశ్శబ్దం ఉంటే సౌండు పోయిందనుకుంటారు, కాబట్టి ఓవర్ల మధ్య మైదానం గోలని కింద సన్నగా పరుస్తాం. బొమ్మ కరుగుతూ మారే Cross Dissolve‌ని ఓవర్లు దాటేటప్పుడు మాత్రమే వాడతాం. రీప్లేకి అదే వాడితే సమయం గడిచిందన్న అర్థం వస్తుంది.

మూలన 'రీప్లే' అని రాసేటప్పుడు అక్షరాలు ఒకసారి దగ్గరగా చూసుకోండి. కొన్ని ఫాంట్లలో ల వత్తు విడిపోయి 'రీప్‌లే' అయి కూర్చుంటుంది. మేం ఆ మాటని బయట బొమ్మగా తయారుచేసి, వెనక పారదర్శకంగా ఉండే పీఎన్‌జీగా పెట్టుకుంటాం. రీప్లేలన్నీ రెండో వీడియో ట్రాకులో, Clip Color నారింజ రంగులో ఉంటాయి. ఎక్స్‌పోర్ట్‌కి ముందు టైమ్‌లైన్‌ని ఒకసారి దూరంగా జరిపి చూస్తే, ప్రతి నారింజ ముక్క మీదా లేబులుందో లేదో, పక్కన తర్వాతి బంతి అంటుకుని ఉందేమో పది సెకన్లలో తెలిసిపోతుంది.