సెకండ్ హ్యాండ్ రన్నింగ్ షూ: ఏడాదికి పైగా వాడాక

కొత్తగా కొంటే నాలుగు వేలయ్యే రన్నింగ్ షూ, వాడినవైతే తిరుపతిలో వెయ్యి రూపాయలకే దొరికే సందర్భాలున్నాయి. పొద్దున్నే నడకకు అలాంటి జతనే వాడుతున్నా. డబ్బుకు తగ్గ వస్తువే, కానీ ఒక షరతు: లోపలి ఇన్‌సోల్ చేత్తో లాగితే ఊడి రావాలి. జిగురుతో అంటించేసి ఉంటే బేరమే వద్దు, ఎందుకంటే పాత చెమటా ఫంగసూ దాని కిందే ఉంటాయి. చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారినవాళ్లు మాత్రం ఎంత మంచి జతైనా తీసుకోకూడదు. ఒరుసుకుని పుండు పడినా వాళ్లకు తెలియదు.

అమ్మేవాళ్లు సోల్ గీతలు చూపిస్తారు. అవి బాగున్నంత మాత్రాన షూ బాగున్నట్టు కాదు. రెండింటినీ చదునైన బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ బయటి అంచు కాస్త అరగడం మామూలే. షూ ఒక పక్కకు ఒరిగి నిలబడితే మాత్రం వదిలేయాలి. పాత మనిషి నడక వంకర అందులో అచ్చుపడిపోయింది, అది మీ మోకాలికి చేరుతుంది. తర్వాత పక్కనున్న మెత్తని నురుగు భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. నొక్కు పడి తిరిగి పైకి రావాలి. రాయిలా ఉన్నా, అడ్డంగా ముడతలు కనిపించినా కుషన్ అయిపోయినట్టే. ఏళ్ల తరబడి అటక మీదున్న 'వాడని' జతతో ఇంకో తంటా: కొన్ని రకాల సోళ్లు గాలిలో తేమకే పాడై, నడిస్తే పొడిపొడిగా రాలిపోతాయి.

ఇంటికి తెచ్చాక పాత ఇన్‌సోల్, లేసులు పారేయండి. కొత్త ఇన్‌సోల్ ఖర్చు కూడా కలుపుకునే బేరమాడాలి. గోరువెచ్చని నీళ్లు, డిటర్జెంటుతో, పాత టూత్‌బ్రష్‌తో లోపల, ముఖ్యంగా వేళ్లుండే మూల రుద్దాలి. మరిగే నీళ్లు పోస్తే జిగురు వదిలేస్తుంది. కడగడంతో మురికి పోతుంది కానీ ఫంగస్ బీజాలు నెలల తరబడి బతికే ఉండొచ్చు. అందుకే బెంజాల్కోనియం క్లోరైడ్ ఉన్న, ఫంగస్‌కు పనిచేస్తుందని లేబుల్‌పై రాసిన స్ప్రే లోపలంతా కొట్టి, లేబుల్ చెప్పినంతసేపు తడిగా ఉంచాలి. ఎండ ఒక్కటే చాలదు, అది వేళ్ల మూలకు చేరదు. పైగా మన మే నెల ఎండకు అతుకులు విడిపోతాయి. కాగితాలు కుక్కి, తడిసినప్పుడల్లా మారుస్తూ ఫ్యాన్ కింద ఆరబెట్టండి. నవంబరు వానల్లో మూడు నాలుగు రోజులైనా పట్టొచ్చు. లోపల వేలు పెడితే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

తర్వాత చిటికెన వేలి పక్క సందులో దురద పెట్టి, తెల్లగా నాని పొర ఊడుతుంటే తామర మొదలైనట్టు. ఆ జత పక్కన పెట్టి చర్మ డాక్టరుకు చూపించండి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు పూయొద్దు. దురద రెండు రోజుల్లో తగ్గినట్టుంటుంది, కింద తామర మాత్రం పాకుతూనే ఉంటుంది.