వీడియో నిజంగా పబ్లిక్‌గా ఉందా? లింక్ తెరిచి చూడాలా, ఛానల్లో వెతకాలా?

కూచిపూడి నేర్చుకునే అమ్మాయి తన తరంగం వీడియోను యూట్యూబ్‌లో పెట్టి, ఆ లింకును ఒక ఆన్‌లైన్ పోటీకి పంపాలనుకుందాం. వీడియో పబ్లిక్‌గా ఉండాలన్నది నిబంధన. ఉందో లేదో ఎలా చూసుకోవాలి?

తన ఫోన్లోనే తెరిచి చూస్తే ఏమీ తేలదు. అప్‌లోడ్ చేసిన ఖాతాతో లాగిన్ అయి ఉంటే ప్రైవేట్ వీడియో కూడా మామూలుగానే ఆడుతుంది. అమ్మ ఖాతాలో చూడటమూ నమ్మదగ్గది కాదు. ప్రైవేట్ వీడియోను కొందరి ఈమెయిళ్లకు మాత్రమే చూపించే వీలుంది. ఆ జాబితాలో అమ్మ ఉంటే ఆమెకు కనిపిస్తుంది, పోటీ న్యాయనిర్ణేతకు కనిపించదు.

అందుకే ప్రైవేట్ విండో. క్రోమ్‌లో Ctrl+Shift+N, ఫైర్‌ఫాక్స్‌లో Ctrl+Shift+P నొక్కితే లాగిన్ లేని కొత్త కిటికీ వస్తుంది. అంతకుముందే మరో ప్రైవేట్ కిటికీలో లాగిన్ అయి ఉంటే, అవన్నీ మూసేసి మళ్లీ తెరవాలి, ఎందుకంటే వాటన్నిటికీ ఒకటే లాగిన్. పై మూల Sign in బటన్ కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టే.

ఇప్పుడు లింక్ అతికించాం, వీడియో ఆడింది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ దీంతో తేలింది ప్రైవేట్ కాదని మాత్రమే. Unlisted పెట్టిన వీడియో కూడా లింక్ ఉన్న ఎవరికైనా, లాగిన్ లేకపోయినా ఆడుతుంది. అది వెతుకులాటలో గానీ ఛానల్ పేజీలో గానీ కనిపించదు, అంతే. అందుకే అదే ప్రైవేట్ విండోలో ఛానల్ పేజీకి వెళ్లి Videos విభాగంలో వీడియో ఉందేమో చూడటం ఇంకా మంచి పరీక్ష. నిలువుగా తీసిన చిన్న వీడియో అయితే Shorts విభాగంలో ఉండొచ్చు. అక్కడ కనిపించి, నొక్కగానే ఆడితే పబ్లిక్ అన్నట్టే. లింక్‌తో ఆడి ఛానల్లో లేకపోతే యూట్యూబ్ స్టూడియోలో Visibility తెరిచి Public ఎంచుకుని సేవ్ చేయాలి. తేదీ, సమయం పెట్టి షెడ్యూల్ చేసిన వీడియో మాత్రం ఆ సమయం వచ్చేదాకా ప్రైవేట్‌గానే ఉంటుంది.

వయసు నిర్ధారణ కోసం లాగిన్ అవ్వమని అడిగితే అది వేరే సంగతి. వీడియో పబ్లిక్‌గా ఉన్నా వయో పరిమితి పడిందన్నమాట.

ప్రైవేట్ విండోకు అందనిది కూడా ఒకటుంది. అది ఖాతాను పక్కన పెడుతుంది గానీ మనం ఉన్న దేశాన్ని మార్చదు. తరంగానికి వాడిన రికార్డింగ్ మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చి కొన్ని దేశాల్లో ఆపేస్తే, విజయవాడలో చక్కగా ఆడే వీడియో డాలస్‌లో ఉన్న న్యాయనిర్ణేతకు ఆడకపోవచ్చు. దానికి స్టూడియోలో వీడియో పక్కన Restrictions గడి చూడాలి. అక్కడ Copyright అని ఉంటే, నొక్కి వివరాల్లో ఏయే దేశాల్లో ఆపారో చదవాలి. లేదంటే ఆ దేశంలో ఉన్న బంధువునే ప్రైవేట్ విండోలో తెరిచి చూడమనాలి.