వర్మికంపోస్టా, కుండీ మిశ్రమమా?

బెంగళూరులో మేడతోటల వాళ్లకు అమ్మాలంటే వానపాములతో చేసే వర్మికంపోస్టుకు ఓపిక కావాలి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు బెడ్‌లో టన్ను పేడ వేస్తే 60–75 రోజులకు సుమారు 450 కిలోల ఎరువు వస్తుంది. పచ్చిపేడ వేడికి వానపాములు చస్తాయి. పది వానపాములను పైన వదిలి చూడండి, లోపలికి దూరకుండా అంచులకు పాకుతుంటే పేడ ఇంకా చల్లారలేదన్నమాట.

కుండీ మిశ్రమం ఒక్కరోజు పని. కానీ అందులో కలిపే కోకోపీట్‌ను, అంటే కొబ్బరిపీచు పొట్టును, ఉప్పు పోయేలా కడగకపోతే ఆకుల అంచులు మాడతాయి, కొన్నవాళ్లు మళ్లీ రారు. తడిని బట్టి బరువు మారుతుంది కాబట్టి మిశ్రమాన్ని లీటర్లలోనే అమ్మాలి.

ఎరువును నర్సరీకి కిలో 8 రూపాయల చొప్పున ఇస్తే బెడ్‌కు వచ్చేది 3,600 రూపాయలే. అందుకే సగం ఎరువును మిశ్రమంలో కలిపి అమ్మడమే మాకు సరైన దారి అనిపిస్తుంది.