తిరస్కరించిన పేపర్ గురించి రెండు పేరాలు

ఉన్నత చదువుల దరఖాస్తుతో పంపే ఎస్‌ఓపీలో ఒకరు ఇలా రాస్తారు: "నా పేపర్‌ను తిరస్కరించారు, కానీ ఆ అనుభవం ఓర్పు నేర్పింది." తప్పు ఎక్కడ జరిగిందో చదివే ప్రొఫెసర్‌కు తెలియదు. ఓర్పు సంగతి ఆయన అడగనూ లేదు.

మరొకరు: "ఒకే రోగి ఎక్స్‌రేలు శిక్షణ డేటాలోనూ పరీక్ష డేటాలోనూ ఉన్నాయని సమీక్షకుడు పట్టుకున్నారు. రోగుల వారీగా విడదీసి మోడల్‌ను మళ్లీ నడిపితే కచ్చితత్వం 94 నుంచి 81 శాతానికి పడింది. డేటాను విభజించింది నేనే."

నా ఓటు దీనికే. పడిపోయిన అంకెను దాచనివారి మిగతా అంకెలనూ నమ్మాలనిపిస్తుంది. ఆ చివరి వాక్యం లేకపోతే నింద సహరచయితల మీదికి జారుతుంది. అయితే నాలుగైదు వాక్యాలు దాటితే ఇదీ సంజాయిషీ అయిపోతుంది. తిరస్కరించిన పేపర్‌ను "సమీక్షలో ఉంది" అని మాత్రం రాయకండి. సిఫారసు లేఖ రాసే గైడ్‌కు అసలు సంగతి తెలుసు.